కుట్టు షాపు రిపేరుకు మూస్తున్నారా? షట్టర్ మీద నోటీసు కట్టే ముందు చేయాల్సినవి

కిరాణా షాపు పదిహేను రోజులు మూస్తే గిరాకీ పక్క షాపుకు పోతుంది, తెరిచాక మళ్లీ వస్తుంది. లేడీస్ టైలర్ షాపు సంగతి వేరు. మీ షట్టర్ లోపల ఉన్నది మీ సరుకు కాదు, జనం బట్టలు. ఒకావిడ గద్వాల పట్టు చీర జాకెట్టు గుడ్డ, ఇంకొకావిడ నారాయణపేట చీరకు ఫాల్ పని, ఎవరిదో మగ్గం వర్క్ చేయించిన బ్లౌజు, వాటితోపాటు వాళ్లిచ్చిన అడ్వాన్సు. అలాంటి షాపుకు చెప్పకుండా రెండు రోజులు తాళం కనిపిస్తే చాలు, "ఎత్తేసిండ్రట" అన్న మాట ఊళ్లోకి పోతుంది. ఆ మాట కోయిలకొండ, హన్వాడ దాకా చేరాక దాన్ని వెనక్కి తేవడం చాలా కష్టం.

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ వైపు బజార్లో, ఒక కటింగ్ మాస్టరు, ముగ్గురు కుట్టేవాళ్లు ఉన్న షాపు అనుకుని ఇది రాస్తున్నాను. టైల్స్ మార్చాలి, సీలింగ్ వేయించాలి, వైరింగ్ కొత్తగా లాగించాలి, ట్రయల్ రూమ్ కట్టించాలి. నోటీసు ఎట్లా రాయాలో కిందే ఉంది, కానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఎక్కువ. ఆ పని చేయకుండా రాసిన నోటీసులో తేదీలు నిలబడవు.

ముందు నెల చూసుకోండి

మన దగ్గర కుట్టు షాపుకు కాస్త ఊపిరి పీల్చుకునే సమయం ఆషాఢమే. పెళ్లిళ్లు ఉండవు, కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింటికి పోతారు, పెద్ద ఆర్డర్లు తగ్గుతాయి. 2026లో ఆషాఢం జూలై 15న మొదలై ఆగస్టు 12తో అయిపోతుంది. 13 నుంచి శ్రావణం, 14 మొదటి శుక్రవారం.

అయితే ఆషాఢం అంతా ఒకేలా ఖాళీగా ఉంటుందనుకోవద్దు. బట్టల షాపులన్నీ ఆషాఢం డిస్కౌంట్లు పెడతాయి. ఆ చీరలు కొన్న ఆడవాళ్లు ఆఖరి వారంలో జాకెట్టు గుడ్డలు పట్టుకుని మీ దగ్గరికి వస్తారు, శ్రావణ శుక్రవారానికి కావాలంటారు. అందుకే మూసేది ఆషాఢం మొదటి సగంలో ఉండాలి, తెరిచేది శ్రావణానికి కనీసం ఒక వారం ముందు. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టొద్దని ఇంట్లో పెద్దలు అభ్యంతరం చెబితే, పాత షాపుకు రంగులు, టైల్సే కదా అని నచ్చజెప్పి, పూజ మాత్రం శ్రావణంలో చేసుకోండి. గిరాకీకి తలుపు తీయడం వేరే రోజు, పూజ చేయడం వేరే రోజు అయితే వచ్చే నష్టమేమీ లేదు.

ఇక్కడ మనం జూలై 20, సోమవారం మూసి ఆగస్టు 6, గురువారం తెరుస్తున్నామనుకుందాం. మేస్త్రీ మాత్రం పది రోజులే అన్నాడు. ఆయన చెప్పేది పని రోజుల లెక్క. పుట్టీ, ప్రైమర్ వానాకాలంలో ఆరడానికి తీసుకునే టైము అందులో ఉండదు. ఎలక్ట్రీషియన్ రానిదే సీలింగ్ వాళ్లు పని ముందుకు కదిలించలేరు, ఆ ఎలక్ట్రీషియన్ ఇంకో ఇంటి దగ్గర ఉంటాడు. పెయింటు అయిపోయినా వెంటనే బట్టలు తెచ్చి పెట్టలేం. తడి వాసన, దుమ్ము పట్టుకు అంటితే ఎవరి చీర అని లేదు, మీరే కొత్తది కొనివ్వాలి. అందుకే మేస్త్రీ మాటకు మరో వారం కలిపి ఆ తేదీనే జనానికి చెప్పండి. ముందే పని అయిపోయి ఆగస్టు 3నే తెరిచారనుకోండి, ఎవరూ తప్పుబట్టరు. 6న తెరుస్తామని చెప్పి 9న తెరిస్తే మాత్రం ముగ్గురైనా షట్టర్ ముందు నిలబడి ఫోన్ చేస్తారు.

బీరువా ఖాళీ చేసి లెక్క పెట్టండి

ఇది జూలై 1 నాటికే కావాలి. ఒక మధ్యాహ్నం కూర్చుని షాపులో ఉన్న ప్రతి ప్యాకెట్‌నూ బయటకు తీయండి, బిల్లు బుక్కు పక్కన పెట్టుకోండి. మూడు కుప్పలు చేయండి. కుట్టడం అయిపోయి ఎవరూ తీసుకుపోనివి ఒకటి. కట్ చేసినవి, సగం కుట్టినవి, హుక్కులు, కాజాలు మిగిలినవి రెండోది. ఇంకా కత్తెర పెట్టని గుడ్డ మూడోది.

ఇంకో చిన్న కుప్ప ఉంటుంది, దాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. అవే కొలత జాకెట్లు. "దీని లెక్కనే కుట్టు" అని ఇచ్చిపోయిన పాత జాకెట్టు ఆమెకు సరిగ్గా కుదిరిన ఒకే ఒక్క జాకెట్టు అయి ఉంటుంది. రిపేరు గోలలో అది ఎక్కడో పెట్టి కనబడకపోతే, కొత్త జాకెట్టు ఎంత బాగా కుట్టినా ఆమె మళ్లీ రాదు. ప్రతి కొలత జాకెట్టుకూ బిల్లు నంబరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చండి, లేదా దాని కొలతలు బుక్కులో ఎక్కించుకుని ముందే వాపసిచ్చేయండి. రెండోదే మేలు.

మన షాపులో మొత్తం 96 ముక్కలు తేలాయనుకుందాం. 21 అయిపోయినవి, 33 పనిలో ఉన్నవి, 42 కత్తెర పెట్టనివి. అంటే ఇంకా కుట్టాల్సినవి 75. ముగ్గురు కుట్టేవాళ్లు తలా నాలుగు లైనింగ్ జాకెట్లు కుడితే రోజుకు 12 అని పుస్తకం లెక్క. కరెంటు పోవడం, ఆల్టరేషన్లు, హెమ్మింగ్ చేసే అమ్మాయి రాకపోవడం, ఇవన్నీ తీసేస్తే 9 వస్తాయి. 75ను 9తో భాగిస్తే తొమ్మిది పని దినాలు. జూలై 2న మొదలుపెట్టి ఆదివారం వదిలేస్తే 11, శనివారం నాటికి చేతిలో ఉన్నవన్నీ అయిపోతాయి. ఆ తర్వాతి వారం, 13 నుంచి 18 వరకు, జనం వచ్చి తీసుకుపోవడానికి, వేసుకుని చూసి చంక దగ్గర పట్టేస్తోందంటే విప్పి కుట్టడానికి. ఆ వారంలో మెషిన్లు సగం రోజే నడుస్తాయి కాబట్టి, జూలై 2 నుంచి 11 మధ్యలో వచ్చే కొత్త ఆర్డర్లు పాతికకు మించి ఒప్పుకోవద్దు. ఇంకో పది తీసుకుందాం, రాత్రి కూర్చుని కుట్టేద్దాం అనిపిస్తుంది. ఆ పదే చివరికి షట్టర్ లోపల ఉండిపోయేవి.

జూలై 11 తర్వాత గుడ్డ తీసుకోవద్దు. ఇక్కడే మనసు ఆగదు. గిరాకీ ఎదురుగా నిలబడి గుడ్డ ఇస్తుంటే వద్దనడం ఎట్లా? "ఇక్కడ పెట్టిపోండి, తెరిచాక కుడతా" అంటే ఆర్డరు మన చేతిలోనే ఉందన్న ధీమా వస్తుంది. కానీ ఆ గుడ్డ మూడు వారాలు మూటలో పడి ఉంటుంది, దానికి కాపలా మీదే. దాని బదులు ఒక చీటీ ఇవ్వండి. చీటీ మీద వరుస నంబరు, ఆమె పేరు, ఎన్ని జాకెట్లు, "ఆగస్టు 6 లేదా 7న గుడ్డ తెస్తే శ్రావణ మొదటి శుక్రవారానికి ఇస్తాం" అని రాయండి. ఆగస్టు 6 నుంచి 13 దాకా ఆదివారం తీసేస్తే ఏడు రోజులు. రోజుకు 9 లెక్కన 63 జాకెట్లు. అంటే శుక్రవారం మాటతో 60 దాకానే చీటీలు రాయాలి. అరవై ఒకటో ఆమెకు రెండో శుక్రవారం చెప్పండి. గుడ్డ ఆమె ఇంట్లోనే ఉంటుంది, వరుస మాత్రం మీ దగ్గర ఖాయం. చేతిలో నంబరున్న మనిషి ఇంకో టైలర్ దగ్గరికి అంత తొందరగా పోదు.

కుట్టేవాళ్లతో మాట్లాడాకే గిరాకీతో మాట్లాడండి

మన షాపుల్లో కుట్టేవాళ్లు ఎక్కువగా పీస్ రేటు మీద ఉంటారు. షాపు పదిహేడు రోజులు మూస్తే వాళ్లకు పదిహేడు రోజుల కూలి పోయినట్టే. వాళ్లు ఇంకో షాపులో కూర్చుంటారు, అక్కడ రేటు బాగుంటే అక్కడే ఉండిపోతారు. అప్పుడు మీరు రాసిన అరవై చీటీలకు అర్థం లేదు.

అందుకే రెండు మెషిన్లు ఇంటికో, దగ్గర్లో అద్దెకు దొరికిన చిన్న గదికో మార్చి అర్జంటు పనులు, ఆల్టరేషన్లు, ఫాల్, పీకో అక్కడ నడపండి. మూడో మనిషికి సొంత మెషిన్ ఉంటే కత్తిరించిన పని ఇంటికే ఇచ్చి పంపండి. మామూలు రోజుల్లో వచ్చేంత రాకపోయినా సగం కూలైనా వస్తుందని, ఆగస్టు 6 నుంచి చేతినిండా పని ఉంటుందని జూలై మొదట్లోనే చెప్పండి. కొంత అడ్వాన్సు ఇచ్చే అలవాటుంటే ఇప్పుడే ఇవ్వండి. ఎవరు ఉంటారు, ఎవరు ఊరికి పోతారు అన్నది తేలాక రోజుకు తొమ్మిది అన్న లెక్క మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.

ఫోన్లు, ఏ వరుసలో

నోటీసు చూసి తెలుసుకునేది దారిన పోయేవాళ్లు. మీ దగ్గర బట్ట ఉన్న మనిషికి నోటీసు కన్నా ముందు మీ గొంతు వినపడాలి. జూలై 2 నుంచి 5 లోపు ఈ ఫోన్లు అయిపోవాలి.

మొదట తేదీ ఉన్నవాళ్లు: సీమంతం, ఒడిబియ్యం, పుట్టినరోజు, బోనాలకు పిల్లల లంగా ఓణీలు. తర్వాత దూరం నుంచి వచ్చేవాళ్లు. నవాబుపేట నుంచో కోయిలకొండ నుంచో బస్సెక్కి వచ్చి తాళం చూసి తిరిగిపోయిన మనిషి బస్సు చార్జీ గురించి కాదు, ఆ రోజు కూలి గురించి బాధపడుతుంది. మూడోది పట్టు, మగ్గం వర్క్ ఇచ్చినవాళ్లు. మిగిలినవాళ్లకు వాట్సాప్ చాలు.

మాట్లాడేటప్పుడు రిపేరు సంగతితో మొదలుపెట్టొద్దు. "షాపు మూస్తున్నం" అన్న మాట చెవిన పడగానే అవతలి మనిషి తర్వాతిది వినదు. ఆమె బట్ట సంగతితో మొదలుపెట్టండి:

"అక్కా నమస్తే, టైలర్ షాపు నుంచి. మీ రెండు జాకెట్లు పదో తారీకు శుక్రవారం రెడీ అయితయి."
"పదికా? మా చెల్లె సీమంతం పదిహేడున ఉంది, ఇంకా టైముంది కదమ్మా."
"ఉంది అక్కా. కానీ ఇరవై నుంచి షాపుల రిపేరు పని పెట్టుకున్నం, ఆగస్టు ఆరు దాకా ఉంటది. మీరు పదకొండు లోపల వచ్చి వేసుకుని చూస్తే, ఏమన్న సరిచేసేది ఉన్నా నిమ్మళంగ చేసిస్త."
"అయ్యో, ఎత్తేస్తున్నరా ఏంది?"
"లేదక్కా, గదే షాపు, గక్కడనే. టైల్స్ ఏపిస్తున్నం, ట్రయల్ రూమ్ కడుతున్నం."

"ఎత్తేస్తున్నరా" అన్న ప్రశ్న పదిమందిలో సగం మంది అడుగుతారు. విసుక్కోవద్దు. అదే జాగా, అదే నంబరు అన్న రెండు మాటలు ప్రతి ఫోన్లోనూ చెప్పండి, అడిగినా అడగకపోయినా.

ఫోన్ అయ్యాక బిల్లు పక్కన తేదీ, ఆమె ఏమన్నదో ఒక ముక్క రాయండి: "4 తారీకు, కోడలు ఎత్తింది, శనివారం వస్తమన్నరు." నెల తర్వాత "మాకెవరూ చెప్పలే" అని ఎవరైనా వస్తే ఆ రాత గొడవకు కాదు, కోడలు చెప్పడం మర్చిపోయిందని మీకు తెలియడానికి పనికొస్తుంది. ఎత్తనివాళ్లకు వాట్సాప్‌లో వాయిస్ పెట్టండి. మెసేజ్ చదవని పెద్దావిడ కూడా వాయిస్ వింటుంది, లేకపోతే మనవడు వినిపిస్తాడు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌తో ఒక చిక్కు ఉంది. మీ నంబరు ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. మీ దగ్గర వాళ్ల నంబరు ఉన్నంత మాత్రాన కాదు. ఒక లిస్టులో 256 మంది దాకానే పడతారు. కాబట్టి పంపేశాం, అందరికీ వెళ్లిపోయింది అనుకోవద్దు. రెండు టిక్కులు పడనివాళ్లకు విడిగా పంపండి, లేదా ఫోన్ చేయండి. వాట్సాప్ బిజినెస్ వాడుతుంటే మూసిన రోజుల్లో ఎవరైనా మెసేజ్ పెట్టగానే దానంతటదే జవాబు పోయేలా Away message పెట్టుకోవచ్చు. అందులో తెరిచే తేదీ, బట్టలు ఎక్కడ తీసుకోవాలో ఉంటే చాలు.

నోటీసు

నోటీసు అనగానే "మా గౌరవనీయులైన వినియోగదారులకు విన్నపం, నవీకరణ నిమిత్తం తాత్కాలికంగా మూసివేయబడును" అని మొదలుపెట్టే అలవాటు ఉంది. రోడ్డు మీద బండి ఆపి చూసే మనిషి దాంట్లో వెతికేది మూడే: ఎప్పుడు తెరుస్తారు, నా బట్ట ఎక్కడుంది, ఎవరికి ఫోన్ చేయాలి. ఈ మూడూ పెద్ద అక్షరాల్లో ఉండాలి, తెరిచే తేదీ అన్నిటికన్నా పెద్దగా. "త్వరలో" అన్న మాట ఎక్కడా రాయొద్దు. దాన్ని చదివినవాళ్లు మీకే తెలియదనుకుంటారు. తేదీ పక్కన వారం కూడా రాయండి, మన ఆడవాళ్లకు గుర్తుండేది వారమే.

ఇది మన షాపుకు సరిపోయే నోటీసు:

> ఆగస్టు 6, గురువారం ఉదయం 10 గంటలకు ఇక్కడే తెరుస్తాం
>
> జూలై 20, సోమవారం నుంచి ఆగస్టు 5, బుధవారం దాకా షాపులో టైల్స్, సీలింగ్, ట్రయల్ రూమ్ పని జరుగుతుంది. ఇదే షాపు, ఇదే ఫోన్ నంబరు.
>
> మీరు కుట్టడానికి ఇచ్చిన బట్టలు: ఎదురు వరుసలోని మ్యాచింగ్ సెంటర్‌లో, రోజూ సాయంత్రం 5 నుంచి 8 దాకా. బిల్లు తెండి. బిల్లు పోతే ఫోన్ నంబరు చెబితే చాలు.
>
> అర్జంటు ఆల్టరేషన్లు: అక్కడే ఇవ్వండి.
>
> శ్రావణానికి కొత్త జాకెట్లు: ఫోన్ చేసి వరుస నంబరు తీసుకోండి. గుడ్డ ఆగస్టు 6, 7 తేదీల్లో తెండి.
>
> ఫోన్, వాట్సాప్: __________

ఇంతే. క్షమాపణలు రెండు లైన్లు రాయాలనిపిస్తే ఒక లైనుకు సరిపెట్టండి, అదీ కింద. కొత్త షాపు ఎంత బాగుంటుందో బొమ్మ వేయించే ఆలోచన కూడా ఇప్పుడు వద్దు, తేదీ కనపడకుండా పోతుంది. పాలమూరులో ఉర్దూ చదివే గిరాకీ కూడా బాగానే ఉంటుంది కాబట్టి తేదీ, బట్టలు తీసుకునే చోటు, ఫోన్ నంబరు ఈ మూడు లైన్లు ఉర్దూలో కూడా రాయించండి. రాసింది ఉర్దూ వచ్చిన మనిషితో ఒకసారి చదివించాకే ఫ్లెక్సీకి పంపండి.

కాగితం అంటించొద్దు, జూలై వానకు ఒక్క రాత్రిలో కారిపోతుంది. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఫ్లెక్సీ చాలు. షట్టర్ పైన బోర్డు దగ్గర కట్టిస్తే ఎవరూ తలెత్తి చూడరు. నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తులో, షట్టర్ పక్క గోడకు కట్టండి. షట్టర్‌కే కడితే పనివాళ్లు పైకి లేపినప్పుడల్లా నోటీసు కూడా లోపలికి పోతుంది. రెండోది మ్యాచింగ్ సెంటర్ ముందు, బాణం గుర్తుతో. ఇవి జూలై 8కల్లా కట్టేయండి, మూయకముందే చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పుకుంటారు.

గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు ఉంటే అక్కడ Temporarily closed అని పెట్టండి. దాని దగ్గర్లోనే Permanently closed అని ఇంకోటి ఉంటుంది. తొందరలో దాన్ని నొక్కితే, మీరు ఎత్తేశారన్న పుకారును మీరే ముద్ర వేసి పంచినట్టవుతుంది.

షట్టర్ మీద, గోడ మీద అంటించిన యూపీఐ క్యూఆర్ స్టిక్కర్ తీసేయండి. మూసిన షాపు మీద దానికి పనేం లేదు, దాని మీద ఇంకెవరైనా వేరే స్టిక్కర్ అంటించినా మీకు తెలియదు. సౌండ్ బాక్సుతో సహా మ్యాచింగ్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

బట్టలు పక్క షాపులో పెట్టేటప్పుడు

మ్యాచింగ్ సెంటర్ వాళ్లు మీకు ఎంత దగ్గరైనా, మూటలు వాళ్లకు అప్పగించి మీరు పోకూడదు. సాయంత్రం 5 నుంచి 8 దాకా మీరో మీ ఇంటి మనిషో అక్కడ కూర్చోవాలి. మూసిన రోజుల్లో చాలామంది చేసేది దీనికి ఎదురే: "అక్కడ ఇచ్చినం, తీస్కపోండ్రి" అంటారు. బట్ట మారిపోతే పక్క షాపు వాళ్లతో మీ సంబంధం కూడా పోతుంది. వాళ్లకు ఆ మూడు గంటల జాగాకు ఏదో ఒకటి ఇవ్వండి. వాళ్లు డబ్బులు వద్దంటే మీ గిరాకీకి కావాల్సిన లైనింగ్ గుడ్డ, దారాలు వాళ్ల దగ్గరే కొనమని చెప్పండి, అది వాళ్లకు ఎక్కువ నచ్చుతుంది.

ప్రతి ప్యాకెట్ మీద బిల్లు నంబరు రెండు చోట్ల ఉండాలి, కవర్ మీద ఒకటి, లోపల చీటీ మీద ఒకటి. కవర్ చిరిగితే లోపలిది ఉంటుంది. పట్టు జాకెట్లను ఈ తేమలో గాలాడని ప్లాస్టిక్ కవర్లో వారాలపాటు మూయొద్దు, పాత కాటన్ బట్టలో చుట్టండి. అవి పక్క షాపులో కాదు, ఇంట్లో ఉండాలి. ఏ రోజు ఎవరు వస్తామన్నారో వాటినే సాయంత్రం తీసుకెళ్లండి. ఇచ్చినప్పుడు బిల్లు బుక్కులో సంతకమో వేలిముద్రో, తేదీ. కోడలో పక్కింటి పిల్లో వచ్చి తీసుకుపోతే అసలు మనిషికి అక్కడి నుంచే ఒక ఫోన్.

ఎవరైనా "అన్ని రోజులు నేను ఆగను, నా గుడ్డ నాకియ్యి" అంటే వాదన వద్దు. కత్తెర పెట్టని గుడ్డ అయితే అడ్వాన్సు మొత్తం అప్పుడే వాపసివ్వండి. వాళ్లు యూపీఐలో ఇచ్చి ఉంటే యూపీఐలోనే, మెసేజ్ వచ్చిందా అని అడిగి మరీ. కత్తిరించింది అయితే ఇంట్లో మెషిన్ల మీద ముందుకు జరిపి కుట్టి ఇస్తామని చెప్పండి. ఆ రెండు మెషిన్లు పెట్టింది దీనికే.

తేదీ జరిగితే

జూలై 30 నాటికి సీలింగ్ అయిపోయి, మొదటి కోటు రంగు మొదలవ్వాలి. ఆ రోజు షాపుకెళ్లి చూడండి. పుట్టీ ఇంకా పచ్చిగానే ఉంటే, చేయి పెట్టి చూస్తే చల్లగా తగిలితే, 6న తెరవడం కుదరదని అప్పుడే తెలిసిపోతుంది. ఆగస్టు 5 రాత్రి దాకా ఆగి, ఏమో అయిపోతుందేమో అని చూడొద్దు.

కొత్త తేదీ ఒక్కసారే మార్చాలి. రెండుసార్లు మారిన తేదీని మూడోసారి ఎవరూ నమ్మరు. అందుకే 6 నుంచి 8కి కాదు, ధైర్యంగా 10, సోమవారానికి పోండి. ఫ్లెక్సీ మీద పాత తేదీని మొత్తం కప్పేలా కొత్త స్టిక్కర్ అంటించండి, కొట్టివేత కనపడకూడదు. వరుస చీటీలున్నవాళ్లకు మాత్రం ఫోన్లు చేయండి, మాట పొట్టిగా ఉండాలి:

"అక్కా, వానలకు పెయింటు ఆరలే, షాపు పదో తారీకు సోమవారం తెరుస్తున్నం. మీ నంబరు 14 గట్లనే ఉంది. గుడ్డ మాత్రం ఆరో తారీకే మ్యాచింగ్ సెంటర్ల ఇయ్యండి, ఇంటి మెషిన్ మీద కుట్టడం మొదలుపెడత. శుక్రవారం మాట శుక్రవారమే."

మేస్త్రీ మోసం చేశాడని, లేబర్ దొరకలేదని కథ చెప్పొద్దు. ఆమెకు కావాల్సింది తన శుక్రవారం. ఆ నాలుగు రోజులకు ఇంట్లో రెండు మెషిన్ల మీద అయ్యేవి రోజుకు ఆరు. సోమవారం తెరిచాక గురువారం దాకా నాలుగు రోజులు తొమ్మిదేసి. ఆరున గుడ్డ చేతికొస్తుంది, తొమ్మిది ఆదివారం, కాబట్టి 7, 8 తేదీల్లో పన్నెండు, తర్వాత ముప్పై ఆరు, కలిపి నలభై ఎనిమిది. అరవై చీటీలు రాసి ఉంటే పన్నెండు మందికి శుక్రవారం అందదు. ఎవరికి అందదో ఈ ఫోన్లలోనే చెప్పాలి, ఆఖరి నంబర్ల నుంచి మొదలుపెట్టి. రెండో శుక్రవారానికి ఒప్పుకున్నవాళ్లకు ఫాల్, పీకో ఊరికే చేసివ్వండి. మీకు దానికి దారం, గంట పని. షాపు మొత్తానికి పది శాతం తగ్గింపు బోర్డు పెట్టడం కంటే ఇది నయం, తగ్గింపు పెడితే ఇబ్బంది పడనివాళ్లకే ఎక్కువ పోతుంది.

తెరిచాక

మొదటి రెండు రోజులు చీటీలున్నవాళ్ల గుడ్డలు తీసుకోవడం, ఆగిపోయిన బట్టలు ఇవ్వడం మాత్రమే చేయండి. కొత్త షాపు చూసి ఆగి లోపలికొచ్చినవాళ్లు ఉంటారు, వాళ్లకు రెండో శుక్రవారం తర్వాతి తేదీలు చెప్పండి. ముందే మీ మాట నమ్మి ఇంట్లో గుడ్డ పెట్టుకుని ఆగిన మనిషి కళ్ల ముందే నిన్న వచ్చినామె పని ముందు జరిగితే ఆ చీటీకి విలువ లేదు. పూజ 14న పెట్టుకోండి, అప్పటికి మొదటి అలజడి తగ్గి ఉంటుంది.

గూగుల్‌లో షాపును మళ్లీ తెరిచినట్టు మార్చండి, Away message తీసేయండి, మ్యాచింగ్ సెంటర్ ముందున్న ఫ్లెక్సీ ఆ రోజే విప్పండి. లేకపోతే వారం తర్వాత కూడా జనం అక్కడికే పోయి వాళ్ల ప్రాణం తీస్తారు.

ఇన్ని ఫోన్లు చేసినా ఐదారు ప్యాకెట్లు మిగులుతాయి. నంబరు మారిపోయినవాళ్లు, వేరే ఊరికి పోయినవాళ్లు, బొంబాయికో పుణెకో పనికి పోయి దసరాకు గానీ రానివాళ్లు. వాటిని కొత్త బీరువాలో ఒక అరలో బిల్లు నంబర్ల వరుసలో పెట్టి, ఎవరివో ఒక కాగితం మీద రాసి అర తలుపు లోపల అంటించండి. అమ్మేయడం, ఇంకొకరికి ఇవ్వడం చేయొద్దు. వాళ్ల ఊరి నుంచి గిరాకీ ఎవరైనా వచ్చినప్పుడు "ఫలానా ఇంటోళ్లవి రెండు జాకెట్లున్నయి, చెప్పు" అని ఒక మాట వేయండి. బతుకమ్మ నాటికి అందులో సగం ఖాళీ అవుతాయి.